ఫొటోలోని అరవై డిగ్రీలు

నర్సీపట్నం నుంచి చింతపల్లికి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే దారిలో తగిలే ఊరు లంబసింగి. చలికాలంలో మంచు చూడటానికి మైదానాల నుంచి జనం తెల్లవారకముందే అక్కడికి చేరుకుంటారు. ఆ ఊరి అమ్మాయి ఒకామె ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. సెలవులకు ఇంటికి వెళ్లి, స్నేహితురాలి నోట్సులోని ఒక పేజీని ఫొటో తీసి నాకు పంపింది. బల్బు వెలుగులో తీసిన ఫొటో. ఫోన్ నీడ పేజీకి అడ్డంగా పడింది, పై వాక్యం సగం తెగిపోయింది. కింద ఆమె సందేశం: "మాస్టారూ, నాకు 18.6 శాతం శక్తి పోయినట్టు వచ్చింది. మా ఫ్రెండ్‌కి 4 శాతమే వచ్చింది. ద్రవ్యవేగం ఇద్దరికీ సరిపోయింది. ఎవరిది రైటు?"

లెక్క క్యారమ్స్ బోర్డు మీదిది. 15 గ్రాముల స్ట్రైకర్ సెకనుకు 2 మీటర్ల వేగంతో కుడివైపు వెళ్లి, నిలిచి ఉన్న 5 గ్రాముల కాయిన్‌ను పక్కగా తాకింది. కాయిన్ సెకనుకు 1.2 మీటర్ల వేగంతో కిందివైపు ఏటవాలుగా పోయింది. స్ట్రైకర్ ఎంత వేగంతో, ఎటు పోయింది? ఈ అభిఘాతంలో గతిజ శక్తి నిలిచిందా? బొమ్మలో కాయిన్ బాణం పక్కన 60° అని రాసి ఉంది. తంటా అంతా ఆ 60 దగ్గరే. తాకిన చోటు గుండా రెండు చుక్కల గీతలు ఉన్నాయి, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. కోణాన్ని చూపే చిన్న వంపు గీత సరిగ్గా ఫోన్ నీడలో పడింది. 60 డిగ్రీలు అడ్డగీత నుంచా, నిలువు గీత నుంచా అన్నది కనబడదు. స్నేహితురాలు అడ్డగీత నుంచి తీసుకుంది. ఈ అమ్మాయి నిలువు గీత నుంచి తీసుకుంది, అంటే అడ్డగీత నుంచి 30 డిగ్రీలు.

కోణమానిని తెరమీద పెట్టి కొలిస్తే తేలిపోదా అనిపిస్తుంది. తేలదు. పేజీకి నిటారుగా కాకుండా ఫోన్‌ను వాల్చి ఫొటో తీస్తే నిలువు కొలతలు కుంచించుకుపోతాయి, అడ్డం కొలతలు దాదాపు అలాగే ఉంటాయి. 40 డిగ్రీలు వాల్చి తీసిన ఫొటోలో అసలు 60 డిగ్రీల కోణం 53 డిగ్రీలుగా కనిపిస్తుంది. పైగా నోట్సులో చేత్తో గీసిన బాణాలు కొలత ప్రకారం గీసినవి కావు. కాబట్టి బొమ్మలోంచి తీసుకోవాల్సింది రాసి ఉన్న అంకెలను, ఏ కోణం ఏ గీత నుంచి అన్న సంగతిని, ఏ బాణం గీతకు ఏ పక్కన ఉందన్నదాన్ని. బాణం పొడవుకు, వాలుకు మార్కులు వేయకూడదు.

ముందు స్నేహితురాలి లెక్క చూద్దాం. తాకకముందు ద్రవ్యవేగమంతా స్ట్రైకర్‌దే: 15ను 2తో గుణిస్తే 30, అంతా కుడివైపే. నిలువు దిశలో సున్నా. తాకాక కాయిన్ ద్రవ్యవేగం 5 × 1.2, అంటే 6. అడ్డగీత నుంచి 60 డిగ్రీలు కాబట్టి అందులో కుడివైపు అంశం 3, కిందివైపు అంశం 5.196. మొత్తం 30లో 3 కాయిన్ తీసుకుపోయింది, స్ట్రైకర్‌కు 27 మిగిలింది. నిలువు దిశలో మొత్తం సున్నాగానే ఉండాలి కాబట్టి స్ట్రైకర్ పైవైపు 5.196 తీసుకోక తప్పదు. 15తో భాగిస్తే దాని వేగాంశాలు కుడివైపు 1.8, పైవైపు 0.3464. రెండింటి వర్గాలు కలిపితే 3.36. వేగం సెకనుకు 1.833 మీటర్లు, దిశ అడ్డగీతకు పైన 10.9 డిగ్రీలు.

ఇక గతిజ శక్తి. దీనికి దిశ లేదు. అందుకే సైన్, కొసైన్‌లతో విడగొట్టే పని ఇక్కడ లేదు. పరీక్ష పేపర్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే: ద్రవ్యవేగాన్ని విడగొట్టిన ఊపులో శక్తిని కూడా కొసైన్ 60తో గుణించేస్తారు. తాకకముందు శక్తి 15లో సగాన్ని 4తో గుణిస్తే 30 మిల్లీజౌళ్లు. తాకాక స్ట్రైకర్‌కు 7.5 × 3.36, అంటే 25.2. కాయిన్‌కు 2.5 × 1.44, అంటే 3.6. మొత్తం 28.8. పోయింది 1.2 మిల్లీజౌళ్లు, 4 శాతం. గతిజ శక్తి నిలవలేదు, కాబట్టి ఇది స్థితిస్థాపక అభిఘాతం కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. స్ట్రైకర్ వేగం 1.833ను 1.8 అని కుదించి ఆ తర్వాత వర్గం చేస్తే, పోయిన శక్తి 1.2కు బదులు 2.1 వస్తుంది. వేగంలో రెండు శాతం కూడా లేని తేడా, పోయిన శక్తిని దాదాపు రెట్టింపు చేసింది. 30కీ 28.8కీ మధ్య చిన్న తేడాను వెతుకుతున్నాం. పెద్ద అంకెల్లో జరిగిన కాస్త కుదింపు కూడా ఆ చిన్న తేడాను మింగేస్తుంది. అందుకే వర్గమూలం తీయకుండా 3.36నే నేరుగా వాడమంటాను. అసలు శక్తికి కావాల్సింది వేగం వర్గమే కదా.

లంబసింగి అమ్మాయి లెక్కలో కాయిన్ కుడివైపు అంశం 5.196, కిందివైపు అంశం 3. స్ట్రైకర్‌కు కుడివైపు 24.804, పైవైపు 3 మిగిలాయి. వేగాంశాలు 1.654, 0.2. శక్తి స్ట్రైకర్‌కు 20.8, కాయిన్‌కు 3.6, మొత్తం 24.4. పోయింది 5.6 మిల్లీజౌళ్లు, 18.6 శాతం. గుణకారాల్లో తప్పేమీ లేదు. ద్రవ్యవేగం రెండు దిశల్లోనూ అణువంత తేడా లేకుండా సరిపోయింది. శక్తి తగ్గింది, పెరగలేదు. పోయిన శక్తి వేడిగా, చప్పుడుగా మారిందని రాసి లెక్క ముగించవచ్చు. ఆమె అలాగే రాసింది కూడా.

నేను ఈ వారం దీని గురించే రాయాలనుకోవడానికి కారణం అదే. ద్రవ్యవేగం సరిపోవడం ఇక్కడ ఏ సాక్ష్యమూ కాదు. స్ట్రైకర్ వేగం మనకు తెలియదు, ద్రవ్యవేగం సరిపోయేలా దాన్ని మనమే నింపాం. కోణం 60 అనుకున్నా, 30 అనుకున్నా, 45 అనుకున్నా అది సరిపోయి తీరుతుంది. ఇక శక్తి పరీక్ష మొత్తం పెరిగినప్పుడే తప్పును పట్టిస్తుంది. తగ్గితే, ఎంత తగ్గినా, పైకి ఆక్షేపణ ఉండదు. పిల్లలు ఈ రెండు పరీక్షలూ దాటగానే కలం మూసేస్తారు. మూడోది ఇంకొకటి ఉంది.

క్యారమ్స్ బాగా ఆడేవాళ్లందరికీ ఆ మూడోదానికి మూలం తెలుసు. స్ట్రైకర్ కాయిన్‌ను ఎక్కడ తాకితే, కాయిన్ ఆ చోటుకు సరిగ్గా ఎదురుదిక్కుకు పోతుంది. అంటే తాకిన క్షణంలో రెండింటి కేంద్రాలను కలిపే గీత వెంటే కాయిన్ కదులుతుంది, అంచులు నున్నగా ఉన్నంతవరకు. కాబట్టి కాయిన్ దిశ తెలిస్తే తాకిడి గీత తెలిసినట్టే. ఇప్పుడు ఆ గీత వెంట ఎవరి వేగం ఎంత అని అడగాలి. తాకాక ముందున్న కాయిన్, వెనకున్న స్ట్రైకర్ కంటే వేగంగానో, కనీసం దానితో సమానంగానో పోవాలి. లేకపోతే స్ట్రైకర్ కాయిన్‌లోంచి దూరి అవతలికి వెళ్లాలి.

అడ్డగీత నుంచి 60 డిగ్రీలు తీసుకుంటే, ఆ గీత వెంట స్ట్రైకర్ వేగం 1.8లో సగం 0.9. దాని పైవైపు కదలిక ఆ దిశకు ఎదురు కాబట్టి అందులోంచి 0.3 తీసేయాలి. మిగిలింది 0.6. కాయిన్ వేగం 1.2. కాయిన్ ముందుకు దూరమవుతోంది, అంతా సవ్యంగా ఉంది. 30 డిగ్రీలు తీసుకుంటే స్ట్రైకర్‌కు అదే గీత వెంట 1.432లోంచి 0.1 పోగా 1.33 వస్తుంది. కాయిన్‌కు 1.2 మాత్రమే. వెనకున్నది ముందున్నదాని కంటే వేగంగా పోతోంది. ఇది జరగదు. ఆ 60 అడ్డగీత నుంచి కొలిచినదే.

తాకిడి గీత వెంట విడిపోయే వేగాన్ని దగ్గరయ్యే వేగంతో భాగిస్తే వచ్చేదే ప్రత్యవస్థాన గుణకం. మొదటి లెక్కలో దగ్గరైన వేగం 1, విడిపోయినది 0.6, గుణకం 0.6. రెండో లెక్కలో అది సున్నా కంటే తక్కువకు పడిపోతుంది. ఈ గుణకం వస్తువుకు శాశ్వతంగా అతుక్కున్న అంకె కాదని కూడా పిల్లలకు చెప్పాలి. విశాఖపట్నంలో ఏవీఎన్ కాలేజీలో చదువుకున్న సి.వి.రామన్, కలకత్తాలో పనిచేస్తున్నప్పుడు ఢీకొనే గోళాలను ఫొటోల ద్వారా పరిశీలించి 1918లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ఢీకొనే వేగం బాగా తగ్గే కొద్దీ ఈ గుణకం ఒకటికి దగ్గరవుతుందని అందులో చూపించారు. నోబెల్ తెచ్చిన కాంతి ప్రయోగాలకు పదేళ్ల ముందటి సంగతి ఇది.

ఆ అమ్మాయి ఇంకో మాట కూడా అడిగింది. స్ట్రైకర్, కాయిన్ దారుల మధ్య కోణం 60, 10.9 కలిపితే 70.9 డిగ్రీలే వచ్చింది, 90 రావాలి కదా అని. ఎన్‌సీఈఆర్టీ పదకొండో తరగతి పుస్తకంలో బిలియర్డ్స్ బంతుల ఉదాహరణ ఉంది. ఒకటి 37 డిగ్రీలకు పోతే రెండోది 53 డిగ్రీలకు పోతుంది. అది రెండు బంతులూ సమాన బరువుగలవైనప్పుడు, ఒకటి ముందు నిలిచి ఉన్నప్పుడు, శక్తి పూర్తిగా నిలిచినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. మన స్ట్రైకర్ కాయిన్‌కు మూడు రెట్ల బరువు. శక్తి అణువంత పోకపోయినా ఇక్కడ 90 రాదు. మూడు రెట్ల బరువున్నది నిలిచి ఉన్నదాన్ని ఎలా తాకినా, తన దారి నుంచి 19.5 డిగ్రీలకు మించి పక్కకు తిరగలేదు.

నిజం బోర్డు మీద ఈ లెక్క కాస్త సడలుతుంది. లంబసింగి చలికాలపు తేమలో బోర్డు మీద పౌడర్ ముద్దకడితే కాయిన్ త్వరగా ఆగిపోతుంది. అందుకే వేగాలను తాకిన వెంటనే తీసుకోవాలి. అంచుల రాపిడి వల్ల కాయిన్ కేంద్రాల గీత నుంచి కొద్దిగా తప్పుకుంటుంది, గిరగిరా తిరుగుతుంది కూడా. ఆ తిరగడంలోనూ కొంత శక్తి ఉంటుంది, మన లెక్క దాన్ని చూడదు. కానీ 30కీ 60కీ మధ్య తేల్చడానికి ఈ సడలింపు అడ్డం రాదు.

కాయిన్ వేగం 1.2 అని నమ్మితే, నున్నటి అంచులకు దాని కోణం సుమారు 37 నుంచి 66 డిగ్రీల మధ్యే ఉండాలి. 37 కంటే తక్కువైతే స్ట్రైకర్ కాయిన్‌లోంచి దూరాలి, 66 దాటితే ఎక్కడినుంచో శక్తి పుట్టుకురావాలి. ఈ సంగతి రాసి పంపాక ఆమె మళ్లీ అడిగింది: "60 డిగ్రీల దగ్గరే కాయిన్ ఎంత వేగంతో పోతే శక్తి అసలు పోదు మాస్టారూ?" సెకనుకు 1.5 మీటర్లు. వేసి చూస్తే స్ట్రైకర్‌కు 24.375, కాయిన్‌కు 5.625, సరిగ్గా 30 మిల్లీజౌళ్లు. అదే 60 డిగ్రీలకు ఎవరైనా 1.6 అని రాసిస్తే మొత్తం 30.53 వస్తుంది. అప్పుడు ఆ ఫొటోను మళ్లీ తీసి పంపమనాలి.