గదిపటము మీది గీతలు

ఉపాధ్యాయ శిక్షణాలయములలో ఛాత్రోపాధ్యాయుల బోధనాభ్యాసమును చూడబోవు పర్యవేక్షకుల చేతికిచ్చు పట్టికలలో నేడు తరచుగా కనబడు వరుస ఒకటి కలదు: ‘బాలబాలికలకు సమానావకాశము కల్పించెనా? అవును, కాదు.’ ఆ గడిలో ‘అవును’ అన్నచోటనే గుర్తు పడుచుండుట నేను పలుచోట్ల చూచితిని. పర్యవేక్షకుడు అసత్యము వ్రాయుచున్నాడని దీని అర్థము కాదు. పాఠము ముగియు వేళకు ఆయన మనసులో మిగిలియుండునది మొదటి బెంచీలోని చురుకైన బాలిక చెప్పిన చక్కని సమాధానము; ఆ యొక్క జ్ఞాపకము తక్కిన బాలికలందరికిని సాక్ష్యమై నిలిచి, గడిని నింపించుచున్నది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నాటి నిబంధనలతో బి.ఎడ్. కోర్సు రెండు సంవత్సరములైన తరువాత ‘జెండరు, పాఠశాల, సమాజము’ అను విషయము పాఠ్యప్రణాళికలో స్థానము సంపాదించినది. అందు చదివినది తరగతి గదిలో నిలిచినదో లేదో తెలియవలసినచోట మాత్రము మనము తీర్పునడుగుచున్నాము గాని జరిగినదానిని నమోదు చేయమని అడుగుట లేదు.

కాబట్టి నా పక్షము ఇది: పరిశీలన పట్టికకు మూలము ప్రశ్నావళి గాక గదిపటము కావలెను. పాఠము మొదలగుటకు ముందే ఒక తెల్లకాగితము మీద బెంచీలను గీసి, బాలికకు సున్నయు, బాలునికి చదరమును పెట్టి, నల్లబల్లకు ప్రక్కనున్న మూలలో, పిల్లల ముఖములు కనబడునట్లు కూర్చుండవలెను. వెనుక బెంచీలో కూర్చుండుట మన అలవాటు. అక్కడినుండి ఉపాధ్యాయుని ముఖము కనబడునే గాని, పెదవి కదలించి ఊరకుండిన పిల్ల కనబడదు. పేరు పెట్టి అడిగిన ప్రతి ప్రశ్నకును ఆ పిల్ల గడిలో ఒక నిలువు గీత. చేయెత్తియు పిలుపు రానిచో ఒక చుక్క. అడుగకయే కేకవేసి చెప్పిన సమాధానమును ఉపాధ్యాయుడు స్వీకరించినచో ఒక అడ్డగీత. తరగతి యావత్తు ఏకకంఠముగా పలికిన జవాబులను లెక్కింపరాదు. ఆ కోలాహలములో ఎవరు పలికిరో ఎవరు పలుకలేదో బ్రహ్మకైనను తెలియదు.

ఒక ఉదాహరణము తీసికొందము. ఆరవ తరగతి, భిన్నముల పాఠము, ఇరువదియిద్దరు బాలికలు, పదునెనిమిదిమంది బాలురు. ముప్పది ప్రశ్నలలో బాలురకు 18, బాలికలకు 12 వెళ్లినవనుకొందము. సంఖ్యానుపాతమున బాలికలకు పదునారో పదునేడో రావలెను గనుక నాలుగైదు తగ్గినవి. ఇంతమాత్రమే చూచినచో ఇది పెద్ద లోపముగా తోచదు. కాని పటమును చూడుడు: ఆ 12 గీతలలో తొమ్మిది మొదటి బెంచీలోని ఇద్దరు బాలికలవే. తక్కిన ఇరువదిమందికి దక్కినవి మూడు ప్రశ్నలు. బాలుర 18 గీతలు పన్నెండుమందికి పంచబడియున్నవి. అంతేకాదు, బాలికల గడులలో చుక్కలు దండిగా కనబడుచున్నవి. ‘ఆడపిల్లలు చేయెత్తరండీ’ అని ఛాత్రోపాధ్యాయుడు చెప్పబోవు సమాధానమునకు ఆ చుక్కలే ప్రత్యుత్తరము.

గీతల సంఖ్య కన్న గీత వెనుకనున్న ప్రశ్నయొక్క స్వభావము గొప్పది. ‘హారము అనగా నేమి?’ అన్నది జ్ఞాపకమును పరీక్షించు ప్రశ్న. ‘హారము పెరిగినకొలది భాగము ఏల చిన్నదగును?’ అన్నది ఆలోచనను కోరు ప్రశ్న. రెండవ జాతి ప్రశ్నకు గీత ప్రక్కన ‘ఎ’ అని వ్రాసికొనవలెను. మన ఉదాహరణములో అట్టివి ఏడనుకొనుడు. వానిలో ఆరు బాలురకు పోయినచో, పై లెక్క యంతయు సమమైనను తరగతి సమము కాదు. అమెరికాలో సాడ్కర్ దంపతులు ఉపాధ్యాయుని ప్రతిస్పందనను మెప్పు, అంగీకారము, సవరణ, విమర్శ అని నాలుగుగా విభజించి పరిశీలించిరి. మన బడులలో నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది మూడవది. బాలుడు తప్పు చెప్పినప్పుడు, ‘కాదురా, లవం ఏదో మళ్ళీ చూడు’ అని ఉపాధ్యాయుడు నిలదీయును. బాలిక తప్పు చెప్పినప్పుడు, ‘సరేలే అమ్మా, కూర్చో’ అని సౌమ్యముగా ముందుకు సాగును. ఈ సౌమ్యతయందు అవమానము లేదు, దురుద్దేశము లేదు. ఐనను ఆ బాలికకు తన తప్పును తానే దిద్దుకొను అవకాశము ఆ క్షణమున పోయినది. ప్రశ్న వేసిన తరువాత ఎన్ని క్షణములు ఆగిరో కూడ గమనింపవలెను. ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుదురనియు, మూడు సెకనులు ఆగినచో సమాధానములు దీర్ఘమగుననియు మేరీ బడ్ రో అను విదుషీమణి చూపినది. ఎవరికి ఒకటి, ఎవరికి మూడు అన్నది మన పటము చెప్పవలెను.

ఇక ఆసనముల సంగతి. ఎడమ ప్రక్క బాలికలు, కుడి ప్రక్క బాలురు, నడుమ దారి. మేజా బాలుర వైపు. ఉపాధ్యాయుడు నడచిన దారిని పటము మీద చుక్కల గీతగా గీసినచో అది మేజా చుట్టునే తిరుగుచుండుట కనబడును. అప్పుడు సందేహము పుట్టును: ప్రశ్నలు బాలురను వెదకుచు పోయినవా, సమీపముననున్న బెంచీలను వెదకుచు పోయినవా? దీనిని తేల్చుటకు సులభమైన పరీక్ష కలదు. మరునాడు రెండు ప్రక్కల పిల్లలను తారుమారు చేసి, అదే ఉపాధ్యాయుని పాఠమును అదే విధముగా నమోదు చేయవలెను. గీతలు బెంచీలతో నిలిచినచో లోపము నడకలో నున్నది. గీతలు పిల్లలవెంట వెళ్లినచో లోపము ఉపాధ్యాయుని అంచనాలో నున్నది. మొదటిదానికి మేజాను జరిపినను చాలును; రెండవదానికి అది చాలదు.

బోధనోపకరణముల విషయమున తెలుగు మనకు ఒక సౌకర్యము ఇచ్చినది. లెక్కలో ‘ఒక వ్యాపారి’ అనియే యున్నను, క్రియాంతము ‘కొన్నాడు’ అనునో ‘కొన్నది’ అనునో చూచినచో ఆ వ్యాపారి ఎవరో తెలిసిపోవును. ఛాత్రోపాధ్యాయుడు తానే కట్టిన లెక్కలలోని క్రియాంతముల క్రింద గీత గీయుమన్న చాలును. విజ్ఞానశాస్త్ర పాఠములో మరియొకటి చూడవలెను: ఉష్ణమాపకమును చేతబట్టినది ఎవరు, ప్రక్కన కూర్చుండి అంకెలు వ్రాసినది ఎవరు?

భాషకు గడి అక్కరలేదు. కాగితపు అంచున, విన్నమాటను విన్నట్టే వ్రాసికొనుటయే మేలు. ‘మగపిల్లలు బెంచీలు జరపండిరా’, ‘అమ్మాయిలూ, గది కాస్త ఊడ్చండమ్మా’ వంటి వాక్యములను సారాంశముగా మార్చినచో వాని సత్త్వము పోవును.

పాఠము ముగిసిన పిదప పర్యవేక్షకుడు అభిప్రాయము చెప్పక, ముందుగా పటమునే ఎదుట ఉంచవలెను. ‘ఇందులో నీకేమి కనిపిస్తుందమ్మా?’ అని అడిగినచో, కొంత నిశ్శబ్దము తరువాత, ‘ఈ మూల నేను అసలు వెళ్లనే లేదండీ’ అని ఛాత్రోపాధ్యాయినియే చెప్పును. ‘నీవు పక్షపాతము చూపితివి’ అన్నచో వచ్చునది వాదము. ఒక పాఠముతో తీర్పు చేయరాదు. కొత్తవారు గదిలో కూర్చుండుటయే పాఠమును కొంత మార్చును గనుక, వేరువేరు విషయములలో మూడు పాఠములైనను చూడవలెను. వీలైనప్పుడు ఇద్దరు పర్యవేక్షకులు ఒకే పాఠమును విడివిడిగా గుర్తించి, పటములను పోల్చుకొనవలెను. ‘ఎ’ గుర్తులు ఎక్కువగా తేడాపడినచో, ఏది ఆలోచనా ప్రశ్నయో మొదట వారిద్దరే తేల్చుకొనవలసియుండును.

తరువాతి పాఠమునకు ఒక్క మార్పు మాత్రమే కోరవలెను. చాలమంది ఛాత్రోపాధ్యాయులు, పిల్లల పేర్లు వ్రాసిన చీటీలను డబ్బాలో వేసి తీయుచు అడుగుటను ఎన్నుకొందురు. దానివలన గీతలు వెంటనే సమమగును; కాని చీటీ పేరును నిర్ణయించునే గాని ప్రశ్నను నిర్ణయింపదు. ‘హారము అనగా నేమి’ అన్న తేలిక ప్రశ్న ఒకరికి, ‘ఏల’ అన్నది మరియొకరికి వెళ్లుచుండుట యథాప్రకారముగా సాగవచ్చును. కావున ప్రశ్నను ముందుగా నల్లబల్ల మీద వ్రాసి, తరువాతనే చీటీ తీయుమనవలెను. రెండవమారు వచ్చిన పర్యవేక్షకుడు గీతలను విడిచి, ‘ఎ’ గుర్తులను మాత్రము లెక్కింపవలెను.