రిపోర్టు చివరి రెండు వాక్యాలు

రేడియాలజీ రిపోర్టులో ఫైండింగ్స్ అంటే స్కానులో కనిపించినవి. ఇంప్రెషన్ అంటే వాటిని బట్టి రేడియాలజిస్టు తేల్చి చెప్పిన అభిప్రాయం. కనిపించినదాన్ని అర్థంగా మార్చడంలోనే ఆ వృత్తి నైపుణ్యమంతా ఉంది.

కుడివైపు పొత్తికడుపు నొప్పి, జ్వరంతో వచ్చిన యువకుడి సీటీ స్కాన్ తీసుకుందాం. ఫైండింగ్స్‌లో అవయవాలన్నీ వరసగా వస్తాయి. కాలేయం మామూలుగా ఉంది. ఎడమ కిడ్నీలో 2 సెంటీమీటర్ల నీటితిత్తి ఉంది. అపెండిక్స్ 11 మిల్లీమీటర్ల మేర ఉబ్బింది, చుట్టూ కొవ్వు మసకబారింది. పేగు బయట గాలి లేదు, చీముగడ్డ లేదు.

ఇంప్రెషన్‌లో మిగిలేవి రెండే: "1. అక్యూట్ అపెండిసైటిస్, పగిలిన ఆనవాళ్లు, చీముగడ్డ లేవు. 2. ఎడమ కిడ్నీలో సాధారణ సిస్ట్. మళ్లీ పరీక్ష అక్కర్లేదు." మొదటిది సర్జన్‌కు దారి చూపుతుంది. రెండోది రోగి భయం తీరుస్తుంది. నొప్పికి కారణం ముందు, యాదృచ్ఛికంగా కనబడింది తర్వాత. ఆ వరసలోనూ ఎంతో ఆలోచన ఉంది.

అపెండిక్స్ 7 మిల్లీమీటర్లే ఉండి, చుట్టూ కొవ్వు శుభ్రంగా ఉంటే? మంచి రేడియాలజిస్టు లేని నిశ్చయాన్ని నటించరు. "కచ్చితంగా చెప్పలేం, రోగి లక్షణాలతో పోల్చి చూడాలి" అని రాస్తారు. ఆ నిజాయితీ నాకెంతో గౌరవం కలిగిస్తుంది.

ఫైండింగ్స్‌లో ఉన్నది ఇంప్రెషన్‌లో లేకపోతే చాలాసార్లు అది ముఖ్యం కాదనే అర్థం. కానీ ఒకచోట కుడి, మరోచోట ఎడమ అని ఉన్నా, పెద్ద గడ్డ ప్రస్తావనే జారిపోయినా డాక్టరును తప్పక అడగాలి.