సమ్మయ్య, సైదులు, శౌరి

మేడారం నుంచి బస్సులు తిరిగొస్తున్న ఈ వారంలో ఒక మాట చాలాచోట్ల వినిపించింది. వెనకటివాళ్లకు పేర్లు పెట్టడం రాదనీ, ఏ జాతర దగ్గరపడితే ఆ పేరు తగిలించేవాళ్లనీ, అందుకే బాయి మీద అంతమంది సమ్మయ్యలు, ఓదెలు, కొమురయ్యలు తేలారనీ దాని సారం. ఆ మాటలోని చిన్నచూపు నాకు చికాకు తెప్పించింది. అయితే చిన్నచూపును పక్కకు పెడితే అందులో పరీక్షించి చూడదగ్గ వాదం ఒకటి ఉంది. పేరును మోసుకొచ్చేది భక్తి కాదు, తేదీ అన్నది ఆ వాదం. మన బొగ్గు బెల్టుకు మస్టర్‌ను మించిన చరిత్ర పుస్తకం లేదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వాదించాను. రామగుండం, గోదావరిఖనిలో గనులు పెరుగుతూ వచ్చిన 1960ల తర్వాత నలుమూలల జిల్లాల నుంచి పనికోసం వచ్చినవాళ్లు తమతోపాటు తమ ఊరి జాతరనూ పేరులో తెచ్చుకున్నారు. ఓదెలు అంటే పెద్దపల్లి పక్కన ఓదెల మల్లన్న. కొమురయ్య అంటే కొమురవెల్లి. ఐలయ్య అంటే అయిలోని మల్లన్న. రాజయ్య, రాజేశం, రాజమ్మ వేములవాడ రాజన్న పేర్లు. మనిషి నోరు విప్పకముందే ఆయన తల్లిదండ్రులు ఏ గుడి ముందు కొబ్బరికాయ కొట్టారో పేరు చెప్పేస్తుంది.

తేదీ వల్లే పేర్లు పాకాయన్న వాదానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం జాతరల్లో దొరకదు, చర్చిలో దొరుకుతుంది. క్యాథలిక్ పంచాంగంలో ఏడాది పొడుగునా పునీతుల పండుగలే. జూన్ 13 పునీత అంతోని, జూలై 31 ఇగ్నేషియస్, డిసెంబరు 3 ఫ్రాన్సిస్ జేవియర్, మార్చి 19 జోజప్ప. బిడ్డకు పునీతుల పేరే పెట్టించాలని చర్చి కూడా పట్టుబట్టింది. 1917 నాటి చర్చి చట్టం 761వ సూత్రం ప్రకారం, తల్లిదండ్రులు వేరే పేరు కావాలని పట్టుపడితే గురువు ఆ పేరుకు ఒక పునీతుడి పేరు జోడించి, జ్ఞానస్నానపు రిజిస్టరులో రెండూ రాయాలి. దీన్నిబట్టి నవంబరు ఆఖరులో ఒక మగబిడ్డ పుట్టాడనుకోండి. వారం పది రోజుల్లో జ్ఞానస్నానం. పంచాంగంలో ఎదురుగా జేవియర్ పండుగ. రిజిస్టరులో తేదీ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, వాటి పక్కన పేరు. జేవియర్ తెలుగు నోట శౌరి అయ్యాడు. కనుక ఆ పిల్లవాడు శౌరయ్యో, బాలశౌరో అవుతాడు. ఫిబ్రవరిలో చెల్లెలు పుడితే 11వ తేదీ లూర్దుమాత పండుగ ఉంది కాబట్టి ఆమె లూర్దమ్మ.

ఈ పేర్లకు పుట్టిన కాలం కూడా ఉంటుంది. లూర్దులో దర్శనాలు జరిగాయన్నది 1858లో. కాబట్టి అంతకు ముందు ఏ తెలుగు ఊళ్లోనూ లూర్దమ్మ ఉండే వీలు లేదు. శౌరి, ఇగ్నేషియస్ నుంచి వచ్చిన ఇన్నయ్య అన్న పేర్లు ఇంకా పాతవి. ఇగ్నేషియస్ జెస్విట్ సభను పెట్టినవాడు, జేవియర్ ఆయన తొలి సహచరుల్లో ఒకడు. ఇద్దరినీ 1622లో ఒకే రోజున పునీతులుగా ప్రకటించారు. 18వ శతాబ్దం మొదట్లో తెలుగు నేల మీద ప్రచారం చేసింది ఆ సభ గురువులే. తమ పెద్దల పండుగలనే వాళ్లు ఘనంగా జరిపించారు, ఆ పేర్లే ఎక్కువగా నాటుకున్నాయి. అటు గుంటూరు వైపు నుంచి వలస వచ్చిన క్యాథలిక్ రైతు కుటుంబాలు ఇన్నారెడ్డి, జోజిరెడ్డి అన్న పేర్లను తెలంగాణకు తెచ్చాయి. పక్కనే ఉన్న ప్రొటెస్టెంట్ కుటుంబాలతో పోల్చి చూస్తే తేడా ఇట్టే కనిపిస్తుంది. వాళ్లకు పునీతుల పంచాంగం లేదు, బైబిలు ఉంది. అందుకని అదే మనిషి క్యాథలిక్ ఇంట్లో జోజి, ప్రొటెస్టెంట్ ఇంట్లో యోసేపు. ఒకరి రాయప్ప ఇంకొకరికి పేతురు, ఒకరి చిన్నప్ప ఇంకొకరికి పౌలు. ఇద్దరూ క్రైస్తవులే, ఇద్దరూ ఒకే గనిలో దిగొచ్చు. పేరు పుస్తకంలోంచి వచ్చిందా, పండుగలోంచి వచ్చిందా అన్నది మస్టర్ చూసి చెప్పొచ్చు.

ఇంతవరకు వాదం నిలబడినట్టే ఉంది. అయితే చర్చి పేర్లలో ఒక లక్షణం గమనించాలి. శౌరి, ఇన్నయ్య అన్నవి మొత్తం మీద క్యాథలిక్ ఇళ్లలోనే ఉండిపోయాయి, పక్కింటికి దాటలేదు. సూర్యాపేట జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాను చూస్తే పూర్తిగా వేరు. అక్కడ సైదులు బాబా ఉర్సు ఏటా జనవరిలో జరుగుతుంది. ఆ చుట్టుపక్కల సైదులు, సైదయ్య, సైదమ్మ అన్న పేర్లు ముస్లిం ఇళ్లకంటే హిందువుల ఇళ్లలోనే ఎక్కువగా వినిపిస్తాయి. సైదిరెడ్డి అన్న పేరుతో హుజూర్‌నగర్‌కు ఎమ్మెల్యే ఉండేవారు. ముస్లిం పునీతుడి పేరూ, రెడ్డి కులమూ ఒకే పేరులో ఒదిగిపోయాయి. నెల్లూరు వైపు కసుమూరు మస్తాన్ వలీ దర్గా మస్తానయ్యలను, మస్తానమ్మలను ఇలాగే పంచిపెట్టింది. మన వైపు పీర్ల పండుగ పీరయ్యలనిచ్చింది. చర్చి పేరు దాటకపోవడానికీ, దర్గా పేరు దాటడానికీ కారణం మతం కాదు, పేరు వచ్చే దారి. ఒకటి గురువు చేతిలోని రిజిస్టరు గుండా వస్తుంది, అందులో చేరాలంటే జ్ఞానస్నానం ఉండాలి. రెండోది జాతర గుండా వస్తుంది, అక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.

దేవుళ్లనూ పునీతులనూ ఒకే గాటన కడుతున్నానని ఎవరైనా అనొచ్చు. మల్లన్న, రాజన్న విషయంలో ఆ అభ్యంతరం సరైనదే, వాళ్లు దేవుళ్లు. సమ్మక్క కథ వేరు. ఆమె కాకతీయ సైన్యంతో పోరాడిన మనిషి అనే జనం చెప్పుకుంటారు. గుడి లేదు, గద్దె ఉంది. మాఘ పౌర్ణమికి రెండేళ్లకోసారి బుధవారం సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు చేరి, శనివారం వనానికి తిరిగిపోతారు. చనిపోయిన మనిషికి పండుగ, ఆ పండుగకు తేదీ, ఆ తేదీకి మొక్కు అన్న వరస చూస్తే ఇది జాన్‌పహాడ్‌కూ, డిసెంబరు 3కూ దగ్గరి చుట్టమే. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. తెలుగు ఇళ్లలో తాత పేరు మనవడికి పెడతారు, పండుగను చూసి కాదు. నిజమే. కానీ తాతకు ఆ పేరు ఎక్కడిది? జాతర ఒక్కసారి పేరును ఇంట్లోకి తెస్తుంది, ఆ తర్వాత తాతా మనవల ఆనవాయితీ దాన్ని మూడు నాలుగు తరాలు నిలుపుతుంది. ఒక్క తరంలో పెద్దగా పెట్టిన పేరు అంతకాలం మస్టర్ మీద కనిపించడం ఇందువల్లే.

వాదం కూలేది తేదీ దగ్గరే. తేదీయే పేరు పెట్టి ఉంటే సమ్మయ్యలందరూ మాఘమాసంలో, అదీ రెండేళ్లకోసారి పుట్టి ఉండాలి. సైదులులందరూ జనవరిలో పుట్టాలి. అలా ఎవరూ పుట్టలేదు, జాతర లేని ఏడాదీ సమ్మయ్యలు పుట్టారు. ఎందుకంటే పేరు మొక్కుతో మొదలవుతుంది. పిల్లలు లేనివాళ్లో, పుట్టిన పిల్లలు దక్కనివాళ్లో గద్దె ముందు మాట ఇచ్చేవాళ్లు, బతికితే నీ పేరే పెడతామని. బిడ్డ ఏ నెలలో పుట్టినా ఆ పేరే. తర్వాత వచ్చే జాతరకు పిల్లవాణ్ని తీసుకెళ్లి పుట్టు వెంట్రుకలు ఇచ్చి, తక్కెడ ఒక పళ్లెంలో వాణ్నీ రెండో పళ్లెంలో బెల్లం ముద్దలనూ పెట్టి తూచి, ఆ నిలువెత్తు బంగారం గద్దెకు సమర్పించేవాళ్లు. అంటే పండుగ రోజు పేరు పెట్టే రోజు కాదు, బాకీ తీర్చే రోజు. చర్చి రిజిస్టరులో మాత్రమే తేదీకి పేరు మీద నిజమైన పట్టు ఉంది, అదీ గురువు పట్టుబట్టినంత కాలమే. 1983లో వచ్చిన కొత్త చట్టం క్రైస్తవ భావానికి విరుద్ధం కాని పేరైతే చాలంది. అప్పటినుంచి తల్లిదండ్రులు అలాంటి ఏ పేరు తెచ్చినా రిజిస్టరు తలుపు మూయలేదు.

ఇప్పుడు జాతరలకు జనం తగ్గలేదు, ఎన్నో రెట్లు పెరిగారు. మేడారానికి బస్సులు చాలవు, గోదావరిఖనిలో గోదావరి ఒడ్డునా గద్దెలు కట్టి సమ్మక్క జాతర చేస్తున్నారు. బెల్లం తూగుతూనే ఉంది, వెంట్రుకలు రాలుతూనే ఉన్నాయి. కానీ సింగరేణి క్వార్టర్లలో ఈ పదేళ్లలో పుట్టిన పిల్లల్లో సమ్మయ్యను వెతికి పట్టుకోవడం కష్టం. పండుగ రోజే పేరుకు ఇంజను అయితే ఇలా జరగదు. తేదీ అలాగే ఉంది, జనం ఉన్నారు, మొక్కు కూడా ఉంది, పేరు మాత్రం పోయింది. నాకు తోచే కారణం ఒక్కటే. పుట్టిన బిడ్డ బతుకుతాడో లేదో అన్న భయం ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉండేది. అంత పెద్ద భయానికి బెల్లమో కోడెమొక్కో సరిపోదు, బిడ్డ పేరునే తాకట్టు పెట్టాలి. ఇప్పుడు కాన్పులు ఆస్పత్రిలో, టీకాలు వేళకు. మొక్కులు ఉద్యోగానికీ, ఇంటికీ, చదువుకూ మళ్లాయి. వాటికి పేరును ఇవ్వాల్సిన పని లేదు.

ఇది ఊహ అంటారేమో, పెంటయ్యలను చూడండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంట మీద పడేసినట్టు చేసి తెచ్చుకుని పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవాళ్లు, చావు వాళ్లను విలువలేనివాళ్లనుకుని వదిలేస్తుందని. పుల్లయ్య అన్న పేరూ అలాంటిదే. ఈ పేర్లకు ఏ పండుగా లేదు, ఏ పునీతుడూ లేడు, పంచాంగంలో చోటే లేదు. అయినా సమ్మయ్యలు పుట్టిన ఇళ్లలోనే, అదే కాలంలో పుట్టాయి, ఇప్పుడు సమ్మయ్యతోపాటే పోతున్నాయి. బెల్టులో ఏ కుటుంబం వంశవృక్షాన్నయినా తీసుకుని, సమ్మయ్య అన్న పేరుకు ముందు వరసలో పుట్టి పోయినవాళ్లు ఎందరో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. మస్టర్‌లో ఆ పిల్లల పేర్లు ఉండవు, వాళ్ల లెక్క బతికిన బిడ్డ పేరులోనే ఉంది.