నివురుగప్పిన తుప్పు

అరచేతిలో ఇమిడే గుడ్డ పొట్లం. బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. పైనున్న ప్లాస్టిక్ కవరు చించి, రెండు సార్లు విదిలించి జేబులో వేసుకుంటే పది నిమిషాల్లో వెచ్చబడుతుంది, పది గంటలు వెచ్చగానే ఉంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. లోపల జరిగేదంతా ఒకటే: ఇనుము తుప్పు పట్టడం.

మంచుకొండలకు వెళ్లొచ్చాక, చల్లారిపోయిన పొట్లం ఒకటి కత్తెరతో కోసి పాత పేపరు మీద గుమ్మరించాను. నల్లటి పొడి గడ్డలు కట్టి ఉంది, తడి ఇనుప వాసన వేసింది. మధ్యలో తళుక్కుమనే రేకుల్లాంటి రవ్వలు. నలుపు ఇనుప రజనుది, యాక్టివేటెడ్ కార్బన్‌ది. రేకులు వర్మిక్యులైట్, అంటే కుండీల్లో తేమ నిలవడానికి మొక్కలకు వేసేదే. నీళ్లు ఆ రేకుల్లో దాక్కుంటాయి కాబట్టి పొడి బురద కాదు. ఉప్పు కంటికి కనపడదు కానీ సముద్రపు ఒడ్డున ఇంటి గేటుకు ఉప్పుగాలి చేసే పనే ఇక్కడా చేస్తుంది, తుప్పును తొందరపెడుతుంది. గేటు కూడా తుప్పు పట్టేటప్పుడు వేడి పుట్టిస్తుంది. అది ఏళ్ల తరబడి సాగుతుంది గనుక మన చేతికి తెలియదు. రజను చేస్తే గాలి తగిలే ఒళ్లు వేల రెట్లు పెరిగి, ఏళ్ల పని ఒక పూటలో అయిపోతుంది.

అయితే పనితనం ఈ పొడిలో కన్నా దాన్ని కప్పిన గుడ్డలో ఉంది. పొడిని గాలికి ఆరబోస్తే వేడంతా గబగబా వచ్చి ఆరిపోతుంది. గాలి అసలు తగలకపోతే వేడే పుట్టదు. అందుకే ఆ గుడ్డకు లోపలి వైపు కంటికి కనపడని రంధ్రాలున్న పల్చటి పొర అతికిస్తారు. ఎన్ని రంధ్రాలుంటే అంత గాలి, ఎంత గాలి వెళితే అంత వేడి. మన పెద్దవాళ్లు కుంపట్లో నిప్పు తెల్లారేదాకా ఉండాలని పైన బూడిద కప్పేవాళ్లు కదా, ఈ పొర ఆ నివురే. 20 గ్రాముల ఇనుము పూర్తిగా తుప్పుపడితే వచ్చే వేడి అర లీటరు చన్నీళ్లను దాదాపు మరిగించగలదు. దాన్ని పది గంటలకు సర్దితే నాలుగు వాట్లు, ఒక చిన్న బెడ్‌ల్యాంపు పాటి. అలా సర్దగలగడమే ఈ వస్తువులోని నేర్పు.

ఆ నేర్పు జపాన్ వాళ్లది. అక్కడ దీన్ని కైరో అంటారు, అంటే ఎద దగ్గర బట్టల్లో పెట్టుకునే పొయ్యి. ఒకప్పుడు వేడి చేసిన రాయిని గుడ్డలో చుట్టి బట్టల్లో దోపుకునేవారు. 1920లలో ప్లాటినం సాయంతో నాఫ్తా ఆవిరిని మంట లేకుండా మండించే లోహపు డబ్బీ వచ్చింది. వాడి పారేసే తుప్పు పొట్లాన్ని ఇంటింటికీ చేర్చింది 1978లో లొట్టే సంస్థ తెచ్చిన హొకారోన్. చేతికి వేరు, బట్టకు అంటించేది వేరు, బూటుకు వేరు అని రకాలున్నాయి. వాటి మధ్య తేడా ముఖ్యంగా ఆ రంధ్రాల్లో ఉంది. ఈ సంగతి నాకు కేదార్‌కంఠ మీద తెలిసింది.

ఉత్తరాఖండ్‌లో సాంక్రి ఊరి నుంచి ఎక్కే కొండ అది, ఎత్తు సుమారు 3,800 మీటర్లు. డిసెంబరు చివర, శిఖరానికి తెల్లవారుజామున 3 గంటలకు బయల్దేరాం. మా జట్టులోని గుంటూరు కుర్రాడు చేతి పొట్లాలు రెండింటిని బూట్లలో వేళ్ల కింద దూర్చాడు, ఇంకొకటి నడుముకు వెనక చర్మం మీదే టేపుతో అంటించుకున్నాడు. గంట గడవకుండానే, "అన్నా, కాళ్లలోవి చచ్చిపోయాయి" అన్నాడు.

అవి చావలేదు, ఊపిరాడలేదంతే. తాళ్లు బిగించిన వాటర్‌ప్రూఫ్ బూటులో గాలి బహు తక్కువ. దానికి తోడు ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. చేతి పొట్లం రంధ్రాలు జేబులోని గాలికి లెక్కగట్టినవి. బూటు రకం పల్చగా, వేళ్ల ఆకారంలో ఉండి, కొద్దిపాటి గాలితోనే పనిచేసేలా ఎక్కువ ఊపిరి పీల్చుకుంటుంది. అందుకే దాన్ని బూటు బయట వాడకూడదు, పుష్కలంగా గాలి దొరికితే కాలేంత వేడెక్కుతుంది. దాన్ని మేజోడు పైన, ప్యాకెట్ మీది బొమ్మను బట్టి వేళ్ల కిందో మీదో అంటించాలి. చర్మానికి మాత్రం తగలనివ్వకూడదు. బూటు తొడిగాక వేళ్లు ఆడించి చూడాలి. ఆడకపోతే రక్తమూ ఆడదు, పొట్లం ఉన్నా కాలు గడ్డకడుతుంది. మేజోడు తడిసి ఉంటే ముందు దాన్ని మార్చాలి.

చేతికైతే వేళ్లు కలిసి ఉండే మిటెన్‌లో, చేతి వెనక భాగాన పెట్టుకుంటే కర్ర పట్టుకోవడానికి అడ్డురాదు. మణికట్టు లోపలి వైపు, పల్చటి గ్లౌజు మీద పెడితే వేళ్లకు వెళ్లే రక్తమే వెచ్చబడుతుంది. ఒంటికైతే లోపలి బనియన్ మీద, రెక్కల మధ్యనో నడుము మీదనో అంటించాలి. జిగురు వైపు బట్టకు, ఊపిరి వైపు బయటికి ఉండాలి. జాకెట్ పైజేబులో పడేస్తే చలికి రసాయన చర్యే మందగిస్తుంది. చల్లబడినట్టు అనిపిస్తే లోపలి జేబులోకి మార్చి, ఒకసారి విదిలించి, కాసేపు గాలి తగలనిస్తే మళ్లీ రాజుకుంటుంది. గడ్డకట్టి రాయిలా అయితే దాని పని అయిపోయినట్టే. సగంలో చాలనుకుంటే గాలి తీసేసిన జిప్ కవరులో పెడితే ఆరుతుంది, మళ్లీ తీస్తే అంటుకుంటుంది.

కుర్రాడి నడుము సంగతి దిగాక బయటపడింది. రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, మర్నాటికి బొబ్బ. "మంట అనిపించలేదన్నా, హాయిగానే ఉంది" అన్నాడు. మోసమంతా ఆ హాయిలోనే ఉంది. ఈ పొట్లాల సగటు వేడి 50 డిగ్రీల పైన, గరిష్ఠం 65 దాకా పోతుంది. అంతెందుకు, 44 డిగ్రీల వేడి కూడా ఆరు గంటలు ఒకేచోట ఉంటే చర్మం కాలుతుందని 1947లోనే మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు తేల్చారు. మామూలుగా ఆ వేడిని రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంది. బ్యాగు నడుం బెల్టు ఆ చోటును నొక్కి రక్తాన్ని ఆపింది, వేడి అక్కడే పేరుకుంది. చూడ్డానికి చిన్నదైనా ఇలాంటి గాయం లోతుగా దిగుతుంది. బొబ్బ చిదపకుండా డాక్టరుకు చూపించాలి. కుర్రాడిది మానడానికి నెల పైనే పట్టింది.

బెల్టు కింద వద్దనడానికి కారణమేదో, పెట్టుకుని నిద్రపోవద్దనడానికీ అదే కారణం. నిద్రలో మనిషి కదలడు, కాలుతున్నా తెలియదు, పైన స్లీపింగ్ బ్యాగు వేడిని పోనివ్వదు. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు, పసిపిల్లలకు, మందు తాగినవాళ్లకు మెలకువలోనూ అదే ముప్పు. మంచుకు తెల్లబడి మొద్దుబారిన వేలికీ దీన్ని ఆనించకూడదు, ఆ వేలికి వేడి తెలియదు. పొట్లం చినిగి పొడి కంట్లో పడితే ధారగా నీళ్లతో కడగాలి. పిల్లలు మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, లోపలున్నది ఇనుము.

ఆ నివురును తయారుచేసినవాళ్లు ఎంత గాలి పోవాలో మాత్రమే లెక్కగట్టగలరు. వేడి ఎటు పోతుందో పెట్టుకున్న చోటు తేలుస్తుంది. ఇప్పుడు కొత్త పొట్లం తీసినప్పుడల్లా ముందు రెండే చూస్తాను: దీనికి ఊపిరి ఎటునుంచి ఆడుతుంది, దీని కింద రక్తం ఆడుతుందా.