తెలుగు శ్రేణీకృత వాచకాలు: స్థాయికి కొలత ఏది?

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ కథలను నాలుగు పఠనస్థాయులుగా విభజించింది. మొదటి స్థాయి కథలో 250 లోపు పదాలుంటాయి, రెండవదానిలో 600 వరకు ఉంటాయి. ఈ కొలత ఇంటిభాష తెలుగైన పిల్లలకు సరిపోవచ్చు గాని, తెలుగును కొత్తగా నేర్చేవారికి చాలదు.

పరుల సాయం లేకుండా చదివి గ్రహించాలంటే నూటికి 98 పదాలు తెలిసి ఉండాలని ఆంగ్లకథలపై హు, నేషన్‌లు 2000లో ప్రతిపాదించారు. తెలుగులో పదం తెలియడమంటే రూపం తెలియడమే. ‘వెళ్ళాడు’ను గుర్తించిన అభ్యాసకుడు ‘వెళ్ళలేకపోయాడు’ వద్ద ఆగిపోతాడు. ధాతువు పాతదే అయినా అశక్తిని తెలిపే నిర్మాణం కొత్తది. పది పదాల వాక్యానికి అలాంటి రూపం ఒక్కటి వచ్చినా తెలిసిన పదాలు నూటికి తొంభైకి పడిపోతాయి. ధాతువులనే లెక్కించే జాబితాలో ఈ లోపం కనబడదు.

కనుక వాచకస్థాయిని క్రియారూపాల ప్రవేశక్రమమే నిర్ణయించాలి. ప్రతి కొత్త రూపమూ ముందుగా పరిచిత ధాతువులతోనే పలుమార్లు రావాలి.