బావమరిది గోదాము

సత్యం కంప్యూటర్స్ బోర్డు 2008 డిసెంబరు 16న తన ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొనాలనుకుంది. ఆ బంధం అందరికీ కనిపించేదే. కనిపించని బంధాన్ని పట్టే ఆడిటరంటే నాకెంతో గౌరవం.

పహాడీ షరీఫ్‌లో ఒక కుటుంబ కంపెనీ గోదాము అద్దెకు తీసుకుందనుకుందాం. గోదాము యజమాని కంపెనీ డైరెక్టరు భార్య తమ్ముడు. కంపెనీల చట్టం చెప్పే బంధువుల జాబితాలో బావమరిది లేడు. డైరెక్టరిచ్చే ఎంబీపీ-1 ఫారంలోనూ అతని పేరుండదు. మంచి ఆడిటర్ అక్కడ ఆగడు. సరఫరాదారుల పాన్, చిరునామా, ఫోన్ నంబర్లను కుటుంబ సభ్యుల వివరాలతో పోలుస్తాడు. అద్దె ఒప్పందంలో సాక్షి సంతకాలూ చూస్తాడు.

తర్వాత ధర. 20,000 చదరపు అడుగులకు నెలకు అడుగుకు 28 రూపాయలు ఇస్తూ, అలాంటి పక్క గోదాముకు 18 ఉంటే, ఏటా 24 లక్షలు ఎక్కువ పోతున్నట్టే. నోట్స్‌లో ‘మార్కెట్ ధరకే’ అని రాస్తే ఆధారం అడుగుతాడు. బావమరిది డైరెక్టరు మాట వినేవాడైతే, లేదా డైరెక్టరే అతని మాట వినేవాడైతే, ఇండ్ ఏఎస్ 24 ప్రకారం అతణ్ని సంబంధిత పక్షంగా చూపాల్సి రావచ్చు. ఆ నిర్ణయం ఏ కంప్యూటర్ జాబితాలోనూ దొరకదు. ఇంటివాళ్లను ఓపిగ్గా అడిగి తేల్చుకోవాలి.