వద్దన్న ఇంటికీ మళ్లీ వెళ్లగలగాలి

శ్రీ విజయపురం అని ఇప్పుడు పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జీవిత బీమా ఏజెంటుగా నెగ్గుకురావడానికీ, విశాఖలో నెగ్గుకురావడానికీ చాలా తేడా ఉంది. విశాఖలో ఒక పేటలో పేరు చెడితే ఇంకో పేటకు పోవచ్చు. ఇక్కడ పోవడానికి చోటు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులన్నిటిలో కలిపి ఉన్నది సుమారు 3.8 లక్షల మంది. వాళ్లలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు దాదాపు 13 శాతం, అంటే అర లక్ష మంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇందులో చాలా ఉన్నాయి. ఒకరికొకరు చుట్టాలు, లేదా ఒకే ఊరివాళ్లు, లేదా ఒకే ఓడలో వచ్చిపోయినవాళ్లు. పొద్దున జంగ్లీఘాట్ చేపల రేవులో ఒక ఏజెంటు ఎవరినైనా విసిగిస్తే సాయంత్రానికి ఆ సంగతి అబెర్దీన్ బజారుకు చేరుతుంది.

అందుకే ఈ దీవుల్లో ఏజెంటు పనితనం పాలసీకి ఒప్పించడంలోకంటే, ఎదుటివాళ్లు "మాకొద్దు" అన్న తర్వాత ఎలా నడుచుకుంటాడన్న దానిలో ఎక్కువ కనబడుతుంది.

తెలుగువాళ్లలో ఈ వృత్తికి పాత వేళ్లున్నాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1925లో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు. 1956లో ప్రభుత్వం జీవిత బీమాను జాతీయం చేసి, దేశంలోని 245 సంస్థలను ఒక్కటి చేసి జీవిత బీమా సంస్థను ఏర్పాటు చేసింది. కంపెనీలు కలిసిపోయినా ఏజెంటు ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి మాట్లాడే పద్ధతి పోలేదు. పాలసీల గురించి పరీక్షకు చదువుకోవచ్చు. కాదన్న ఇంటి నుంచి ఎలా లేచి రావాలన్నది మాత్రం పెద్ద ఏజెంటు వెంట తిరిగి చూసి నేర్చుకోవలసిందే.

మొదట నేర్చుకోవలసింది ఏది నిజమైన తిరస్కారమో, ఏది కాదో పోల్చుకోవడం. "నెలనెలా కట్టలేను, బోటు మీద అప్పుంది" అన్నది అభ్యంతరం. అందులో కారణం ఉంది, దాని మీద మాట్లాడవచ్చు. "ఏడాదికోసారి కట్టొచ్చా?" అన్నది ప్రశ్న, ఆ మనిషి మనసులో ఇంకా లెక్క వేసుకుంటున్నాడని అర్థం. "మాకేం వద్దు బావూ" అని కారణం చెప్పకుండా, చూపు పక్కకు తిప్పకుండా అంటే అది తిరస్కారం. కొత్త ఏజెంట్లు దాన్ని కూడా అభ్యంతరమే అనుకుని "ఎందుకు వద్దు బాబాయ్?" అని అడుగుతారు. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసే ప్రశ్న అదే. దానికి జవాబు చెప్పాలంటే ఆయన తన అప్పో, కొడుకు తాగుడో, ఒంట్లో జబ్బో బయటపెట్టాలి. లేదా అబద్ధం ఆడాలి. ఏది చేసినా ఆ ఏజెంటు మళ్లీ వీధిలో కనబడితే తప్పుకుపోతాడు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. చాలామంది ముఖం మీద వద్దనలేరు. "చూద్దాం", "పండక్కి రండి", "మా అబ్బాయి ఓడ దిగాక మాట్లాడదాం" అంటారు. అది వాయిదానా, మర్యాదగా చెప్పిన వద్దునా తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. తేదీ అడగాలి. "వచ్చే ఆదివారం పొద్దున రానా?" అంటే నిజంగా ఆలోచిస్తున్నవాడు ఆదివారం కాకపోతే మంగళవారం అంటాడు. "నేనే కబురు పెడతాను" అంటే అది వద్దే. అప్పుడు ఆ మాట ఏజెంటే తన నోటితో అనేయాలి: "బాబాయ్, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పేయండి. నేనేమీ అనుకోను." మొహమాటంలో ఇరుక్కున్న మనిషికి ఇంతకంటే మేలు చేసే మాట లేదు. ఆ క్షణంలో ఆయన ముఖం తేటపడుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జంగ్లీఘాట్‌లో ఒక బోటు యజమాని, యాభై దాటినవాడు. ఏజెంటు ఆయన ఊరివాళ్ల కుర్రాడే. పాలసీ మాట ఎత్తగానే పెద్దాయన "మాకేం వద్దు బావూ" అన్నాడు. కుర్రాడు సంచిలోంచి తీయబోయిన కాగితాలు అలాగే ఉంచేశాడు. "సరే బాబాయ్. ఉన్నమాట చెప్పారు, మంచిదైంది. మీరు అడిగితే తప్ప ఈ మాట నేను మళ్లీ ఎత్తను" అన్నాడు. ఈ మూడు వాక్యాల్లో మూడోదానికే బరువు ఎక్కువ. ఇకమీదట ఈ కుర్రాణ్ని చూసి తలుపు మూసుకోనక్కర్లేదని పెద్దాయనకు హామీ దొరికింది. "అడిగితే తప్ప" అన్న చిన్న మాటతో దారి కూడా పూర్తిగా మూసుకుపోలేదు, తాళం మాత్రం పెద్దాయన చేతికి వెళ్లింది.

ఆ తర్వాత కుర్రాడు వెంటనే లేవలేదు. వెంటనే లేస్తే అలిగినట్టుంటుంది, పాలసీ కోసమే వచ్చాడనీ తేలిపోతుంది. ఇచ్చిన టీ తాగి, వేట ఎలా ఉందో అడిగి, లేచేముందు ఒక్క మాట అన్నాడు: "ఇంట్లో పాత పాలసీలేమైనా ఉంటే నామినీ పేరు ఒకసారి చూసుకోండి. ఎవరి దగ్గర కట్టినవైనా సరే."

పెద్దాయనకు పెళ్లికి ముందు కట్టిన పాలసీ ఒకటుంది. అందులో నామినీ ఆయన తల్లి. ఆమె పోయి చాలా ఏళ్లయింది. నామినీ లేకుండా పాలసీదారు పోతే సొమ్ము చట్టబద్ధమైన వారసులకు వెళుతుంది. వాళ్లు వారసులమని రుజువు చేసుకోవాలి, కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవలసి రావచ్చు. నామినీని మార్చడానికైతే పాలసీదారు సంస్థకు రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు. కుర్రాడు ఫారం తెచ్చిచ్చి, భార్య పేరు రాయించి, సంతకం చేయించి ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చాడు. ఈ పనికి అతనికి కమీషన్ లేదు. అందుకే దానికి విలువ వచ్చింది.

ఇలాంటి పనులు ఈ రేవులో ఇంకా ఉన్నాయి. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 50 ఏళ్లవాళ్లు ఏడాదికి 436 రూపాయలతో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరితే, ఏ కారణంతో పోయినా కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. కొత్తగా చేరినవాళ్లకు మొదటి 30 రోజులు ప్రమాద మరణానికి మాత్రమే వర్తిస్తుంది. 20 రూపాయల సురక్షా బీమా ప్రమాదాలకు. ఈ డబ్బు మే నెలాఖరులో ఖాతా నుంచి దానంతటదే కోత పడుతుంది. నైరుతి గాలులు మొదలై వేట తగ్గే రోజులు కూడా అవే కావడంతో ఖాతాలో ఆ కాస్త డబ్బు లేక బీమా ఆగిపోయే ప్రమాదం ఉంది. మే మూడో వారంలో "ఖాతాలో అయిదొందలు ఉంచండి" అని గుర్తుచేసిన ఏజెంటును, తన దగ్గర పాలసీ తీసుకోనివాళ్లు కూడా తమవాడిగానే చూస్తారు.

ఇక పరిచయాల సంగతి. కొన్నిచోట్ల ఏజెంట్లకు నేర్పే పద్ధతి ఏమిటంటే, వద్దనగానే "పోనీ, మీకు తెలిసిన అయిదుగురి పేర్లు చెప్పండి" అని కాగితం ముందు పెట్టడం. దీన్ని నేను ఒప్పుకోను. వద్దన్నందుకు జరిమానా కట్టమన్నట్టు ఉంటుంది. ఆయన పేర్లు ఇచ్చినా వదిలించుకోవడానికి ఇస్తాడు. ఆ అయిదుగురికీ ఫోన్లు వెళ్లాక "నా నంబరు ఎందుకిచ్చావు?" అని వాళ్లు నిలదీసేది ఆయన్నే.

పాతకాపు ఏజెంట్లు వేరుగా చేస్తారు. పని చేసిపెట్టాక, ఎదుటివాళ్లు తామే "నీకు శ్రమ ఇచ్చాం" అన్న రోజున అడుగుతారు. మన పెద్దాయన ఇంట్లో రసీదు చేతికి ఇచ్చినప్పుడు పిన్ని ఆ మాట అంది. కుర్రాడు అన్నాడు: "శ్రమేం లేదు పిన్నీ. మనవాళ్లలో కొత్తగా ఉద్యోగం వచ్చినవాళ్లో, బిడ్డ పుట్టినవాళ్లో ఎవరైనా బీమా గురించి అడిగితే నా నంబరు ఇవ్వండి." ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. పేర్లు అడగలేదు, ఎలాంటివాళ్లో చెప్పాడు, కాబట్టి వినేవాళ్లకు ఎవరో ఒకరు తమంతట తామే గుర్తొస్తారు. వాళ్ల నంబరు అడగలేదు, తన నంబరు ఇవ్వమన్నాడు. ఫోన్ చేయాలో వద్దో మూడో మనిషే తేల్చుకుంటాడు, పిన్నికి మాట రాదు.

అసలు పాలసీ తీసుకోని మనిషి సిఫారసుకు విలువేమిటని అనిపించవచ్చు. నా అనుభవంలో దానికే విలువ ఎక్కువ. పాలసీ తీసుకున్నవాడు "మంచి పాలసీ" అంటే, తను తీసుకున్నాడు గనుక అంటున్నాడేమో అనిపిస్తుంది. తీసుకోనివాడు పాలసీ గురించి ఏమీ చెప్పలేడు, మనిషి గురించి చెప్పగలడు. "ఆ కుర్రాడు పీడించడు. వద్దంటే వద్దని ఊరుకుంటాడు" అంటాడు. బీమా ఏజెంటును ఇంటికి పిలవడానికి జనం జంకేది, వస్తే వదలడన్న భయంతో. ఆ భయాన్ని తీర్చగల సాక్షి వద్దని చెప్పి చూసినవాడే.

పరిచయం వచ్చాక కూడా పాడుచేసుకునే మార్గాలున్నాయి. "మీ బాబాయే పంపారు" అని, ఆయన కూడా తీసుకున్నట్టు స్ఫురించేలా మాట్లాడటం మోసం, రెండు రోజుల్లో బయటపడుతుంది. ఆయన తీసుకోలేదని చెప్పడం కూడా తప్పే, ఒకరింటి సంగతి ఇంకొకరింట్లో మోసినట్టు. తిరిగి వచ్చి పిన్నితో "కలిశాను, మీ పేరు నిలబెట్టాను" అంటే చాలు, అవతలివాళ్లు ఎంత కట్టారో చెప్పకూడదు. కమీషన్‌లో వాటా ఇస్తానని ఆశపెట్టడం అసలే వద్దు. పాలసీ తీసుకునేలా చేయడానికి కమీషన్‌లో గానీ ప్రీమియంలో గానీ తగ్గింపు ఇవ్వడాన్ని 1938 నాటి బీమా చట్టం 41వ సెక్షన్ నిషేధించింది, జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉండవచ్చు. పరిచయానికి వెల కడితే పిన్ని మాటకున్న బలం కూడా పోతుంది.

ఫోన్‌లో "నాట్ ఇంట్రెస్టెడ్" అని రెండు ముక్కల్లో వచ్చినప్పుడూ ఇదే వరస. "సరేనండి, చెప్పినందుకు కృతజ్ఞతలు. ఇక ఈ విషయమై సందేశాలు పెట్టను" అని ఒక్కటి పంపి ఆగాలి. పండగ శుభాకాంక్షల బొమ్మ కింద పాలసీ పేరు పెట్టి పంపినా మాట తప్పినట్టే. ఎవరికి ఏ రోజు ఏ మాట ఇచ్చారో డైరీలో రాసుకోని ఏజెంటు ఏడాది తిరిగేసరికి మర్చిపోయి మళ్లీ అడుగుతాడు. వాళ్లు మర్చిపోరు.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. చాలా ఇళ్ల నుంచి ఏ పరిచయమూ రాదు. వచ్చినా ఎప్పుడొస్తుందో చెప్పలేం, నెలాఖరు టార్గెట్‌కు అది పనికిరాదు. టార్గెట్ ఒత్తిడిలో చుట్టరికం అడ్డంపెట్టి కట్టించిన పాలసీ మరుసటి ఏడే ఆగిపోతుంటుంది. ఏజెంటుకు పోయేది రెన్యువల్ కమీషన్, కట్టినవాళ్లకు పోయేది చేపలమ్మి కూడబెట్టిన డబ్బు.

మీ ఇంటికి ఏజెంటు వచ్చినప్పుడు మీకు అక్కర్లేకపోతే "చూద్దాం" అని తిప్పకండి. వద్దంటే వద్దనే చెప్పండి. విని మర్యాదగా లేచిన మనిషైతే అతని నంబరు దాచుకోండి, ఇంకెవరికైనా అవసరం పడవచ్చు.